ఫిర్యాదు అందిందని రాసే మెసేజ్: తేదీ ఎలా లెక్కకట్టాలి, ఎవరి పేరు పెట్టాలి

నమస్కారమండీ. పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నాను. ఫ్రిజ్‌లు, వాషింగ్ మిషన్లు, ఇన్వర్టర్లు అమ్మే కొట్టు ఉన్నవాళ్ళ కోసం ఈ వీడియో. రాయగడ, గుణుపురం, బరంపురం వైపు ఉన్నవాళ్ళకి కూడా ఇది అక్కరకొస్తుంది, ఎందుకంటే మనందరిదీ ఒకటే ఇబ్బంది. వస్తువు అమ్మేది మనం, బాగుచేసేది కంపెనీ సర్వీస్ సెంటర్, తిట్లు తినేది మళ్ళీ మనమే.

ముందు తెర మీద ఈ మెసేజ్ చూడండి. ఇది నేను ఉదాహరణకి తయారుచేసుకున్నది. కాశీనగరం నుంచి ఒక రిటైర్డ్ మేష్టారు జూన్ 11, గురువారం రాత్రి 8.40కి మన కొట్టు వాట్సాప్‌కి పంపారు అనుకుందాం.

[తెర మీద: "బాబూ, మార్చిలో మీ కొట్టులో కొన్న వాషింగ్ మిషన్ నిన్నటి నుంచి నీళ్ళు వదలడం లేదు. బట్టలు లోపలే ఉండిపోయాయి, తలుపు రావడం లేదు. ఎవరినైనా పంపండి."]

మనలో చాలామంది దీనికి ఏం రాస్తామో తెలిసిందే. "ఓకే సార్, చూస్తాం." లేదంటే కౌంటర్‌లో ఉన్న కుర్రాడు "రేపే పంపిస్తాం సార్" అనేస్తాడు. మొదటిదాంట్లో మేష్టారికి తెలిసిన కొత్త సంగతి ఏమీ లేదు. రెండోది ఇంకా చేటు. రేపు శుక్రవారం, బరంపురం టెక్నీషియన్ మన వైపు వచ్చేది మంగళవారం, శనివారం. ఆయన రాడని కుర్రాడికీ తెలుసు, ఆ పూటకి మాట దాటేశాడు, అంతే.

కాబట్టి మెసేజ్ రాసే ముందు కాగితం, క్యాలెండర్ తీసుకుని కూర్చోండి. తేదీ లెక్కకట్టాలి. అసలు పని ఇక్కడే ఉంది, ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం.

మిషన్ నీళ్ళు వదలడం లేదంటే మామూలుగా రెండు కారణాలు. ఒకటి, కింద ఉండే ఫిల్టర్‌లో నాణెమో, పిన్నీసో, దారాల ముద్దో ఇరుక్కుని ఉంటుంది. టెక్నీషియన్ వచ్చి తీసేస్తే అక్కడికక్కడే అయిపోతుంది. రెండోది, నీళ్ళు బయటికి తోసే పంపు పోయి ఉంటుంది. అప్పుడు పార్టు తెప్పించాలి. ఏది అన్నది మిషన్ విప్పితే గానీ తెలియదు. అంటే ఈ రాత్రి మన దగ్గర ఒక్క తేదీ కాదు, రెండు తేదీలు ఉన్నాయి. జబ్బు ఏమిటో తెలిసే తేదీ ఒకటి, పార్టు కావలసివస్తే పని పూర్తయ్యే తేదీ ఇంకొకటి. ఈ రెండింటినీ కలిపి "నాలుగైదు రోజులు" అని చెప్పబట్టే గొడవలు వస్తున్నాయి.

మొదటి తేదీ సులువు. టెక్నీషియన్ వచ్చేది శనివారం, జూన్ 13. సాయంత్రం లోపు చూస్తారు. అయితే ఈ మాట రాసే ముందు టెక్నీషియన్‌కి ఫోన్ చేసి అడగండి. మన అంచనా వేరు, ఆయన ఒప్పుకోవడం వేరు. రాత్రి ఫోన్ ఎత్తకపోతే పొద్దున్న అడిగి అప్పుడే మెసేజ్ పంపండి. పన్నెండు గంటలు ఆలస్యమైనా పరవాలేదు, తప్పు తేదీ మాత్రం వద్దు.

రెండో తేదీకి మన పాత రిజిస్టరు కావాలి. పంపు తెప్పించిన పాత ఫిర్యాదులు తీయండి. ఎనిమిది ఉన్నాయనుకుందాం. ఆరింటికి పార్టు నాలుగు పనిదినాల్లో వచ్చింది, రెండింటికి ఏడు పట్టింది. సగటు తీస్తే అయిదు లోపే వస్తుంది, కానీ సగటు పట్టుకుని మాట ఇస్తే ఎనిమిది మందిలో ఇద్దరి దగ్గర మాట తప్పినట్టే. అందుకని ఎక్కువ పట్టిన లెక్కే తీసుకోండి, ఏడు.

ఇప్పుడు క్యాలెండర్ మీద వేలు పెట్టండి. శనివారం 13న ఆర్డరు పెడతాం. 14, 15, 16 రజ పండుగ. మన తెలుగు ఇళ్ళల్లో దాని సందడి అంతగా ఉండదు కాబట్టి మనకి గుర్తురాదు గానీ, బరంపురంలో స్టోరు చూసే అబ్బాయి ఒడియా వాడు, ఊరెళ్ళిపోతాడు. ఊయలలు, పొడొపిఠా వదిలేసి మన పంపు ప్యాక్ చేస్తాడా ఎవడైనా? కాబట్టి లెక్క 17 బుధవారం నుంచి మొదలు. 17, 18, 19, 20 నాలుగు రోజులు. 21 ఆదివారం. 22, 23, 24 కలిపితే ఏడు. అంటే పార్టు ఆలస్యమైతే 24 బుధవారానికి చేతికొస్తుంది.

చాలామంది ఇక్కడ ఆగిపోయి "24" అని రాసేస్తారు. పార్టు వచ్చిందని మిషన్ బాగైపోదు కదా, దాన్ని బిగించే మనిషి రావాలి. ఆయన వచ్చేది మళ్ళీ మంగళ, శనివారాలే. పార్టు నాలుగు రోజుల్లో వస్తే 23 మంగళవారం బిగిస్తారు. ఏడు రోజులు పడితే 27 శనివారం. కాబట్టి మేష్టారికి చెప్పాల్సిన మాట "జూన్ 23 నుంచి 27 లోపు". చూశారా, కుర్రాడు చెప్పిన "రేపు" ఎక్కడ, ఈ 27 ఎక్కడ. వినడానికి పెద్ద గడువే. మేష్టారు చిరాకుపడొచ్చు కూడా. పడనివ్వండి. ఈలోగా బట్టలు ఉతకడానికి వేరే ఏర్పాటు ఆయన చేసుకుంటారు. "రేపు, రేపు" అంటూ పోతే ఆ ఏర్పాటు కూడా ఉండదు.

మెసేజ్‌లో "ఏడు పనిదినాలు" అని రాయకండి. మనకి శనివారం పనిదినం, ఆయనకి కాకపోవచ్చు. పండుగలు ఎవరి లెక్క వాళ్ళది. తేదీ, వారం రెండూ రాయండి.

ఇప్పుడు పేరు. "మా సర్వీస్ టీమ్ మిమ్మల్ని సంప్రదిస్తుంది" అంటే ఆ టీమ్ అంటే ఎవరు? ఎవరూ కాదు. యజమాని పేరు పెడితే గౌరవంగా ఉంటుందని కొందరు పెడతారు. యజమాని బ్యాంకుకో బరంపురానికో వెళ్ళి ఉంటారు, ఫోన్ ఎత్తినా "ఏ మిషన్ అండీ?" అని అడుగుతారు. పేరు ఎవరిది పెట్టాలంటే, శనివారం టెక్నీషియన్‌కి ఫోన్ చేసేది ఎవరో, పార్టు ఎక్కడిదాకా వచ్చిందో కనుక్కునేది ఎవరో, వాళ్ళది. మన కొట్టులో ఆ మనిషి రమణ అనుకుందాం. రమణ సెలవు పెడితే ఎవరు చూస్తారో ఆ పేరు కూడా రాయండి, లక్ష్మి అనుకుందాం. నంబరు మాత్రం కొట్టుది ఇవ్వండి, రమణ సొంత మొబైల్ వద్దు. రేపు రమణ ఉద్యోగం మానేస్తే మేష్టారి ఫోన్లు ఆ అబ్బాయి వెంటే పోతాయి. ఏ వేళల్లో దొరుకుతారో కూడా చెప్పాలి. ఇంకొకటి, పేరు పెట్టే ముందు ఆ మనిషికి చెప్పండి. నవ్వకండి, తన పేరు మెసేజ్‌లో ఉందని తనకే తెలియని కుర్రాళ్ళు చాలా కొట్లలో ఉంటారు.

ఇక మెసేజ్ రాద్దాం. శుక్రవారం పొద్దున్న టెక్నీషియన్‌తో మాట్లాడాక పంపుతున్నాం.

[తెర మీద: "నమస్కారం మేష్టారూ. మీ వాషింగ్ మిషన్ నీళ్ళు వదలడం లేదని, బట్టలు లోపల ఉండిపోయాయని, తలుపు తెరుచుకోవడం లేదని నిన్న (జూన్ 11) రాత్రి 8.40కి పంపిన మెసేజ్ అందింది. మా రిజిస్టరులో మీ ఫిర్యాదు నంబరు 47.

టెక్నీషియన్ జూన్ 13, శనివారం సాయంత్రం 5 లోపు మీ ఇంటికి వస్తారు. ఫిల్టర్‌లో ఏదైనా ఇరుక్కుని ఉంటే అప్పుడే బాగవుతుంది. పంపు మార్చాల్సి వస్తే పార్టు బరంపురం నుంచి రావాలి, మధ్యలో రజ సెలవులు ఉన్నాయి. అప్పుడు జూన్ 23, మంగళవారం నుంచి 27, శనివారం లోపు పని పూర్తవుతుంది. ఏదన్నది శనివారం సాయంత్రమే మీకు ఫోన్ చేసి చెబుతాం.

ఈ పని చూసేది రమణ. ఆయన లేనప్పుడు లక్ష్మి. ఇదే నంబరుకి ఉదయం 10 నుంచి రాత్రి 8 వరకు చేయండి. అప్పటిదాకా ప్లగ్ తీసి ఉంచండి, తలుపు బలవంతంగా లాగొద్దు."]

ఒక్కసారి ఆగి చూడండి. ఆయన చెప్పిన మూడు సంగతులూ ఆయన మాటల్లోనే తిరిగి రాశాం. మనం తప్పుగా అర్థం చేసుకుని ఉంటే అప్పుడే దిద్దుతారు. "ఉచితంగా చేస్తాం" అని మాత్రం రాయలేదు. మార్చిలో కొన్నారు కాబట్టి వారంటీ ఉండే ఉంటుంది, కానీ లోపల నాణెం దొరికితే కంపెనీ ఏమంటుందో విప్పాక గానీ తెలియదు. తెలియని డబ్బు సంగతి ఈ మెసేజ్‌లో కలపకండి.

భాష విషయం. మేష్టారు తెలుగులో రాశారు, తెలుగులో రాశాం. ఒడియాలో రాసినవాళ్ళకి ఒడియాలో రాయాలి, మనకి రాయడం రాకపోతే కొట్టులో వచ్చినవాళ్ళ చేత రాయించండి. చదవడం కష్టమైన పెద్దవాళ్ళయితే ముందు ఫోన్‌లో చెప్పండి, తర్వాత మెసేజ్ కూడా పంపండి. ఇంట్లో పిల్లలు చదివి పెడతారు.

వాట్సాప్ బిజినెస్ వాడుతుంటే ఈ మెసేజ్‌ని Quick replies లో దాచుకోవచ్చు. తేదీలు, పేర్లు, ఫిర్యాదు వాక్యం ఉన్నచోట చుక్కలు పెట్టి దాచండి, లేకపోతే పాత తేదీతోనే ఇంకొకరికి వెళ్ళిపోతుంది. Away message అని ఒకటి ఉంటుంది, కొట్టు మూసిన వేళ దానంతటదే వెళ్తుంది. దాన్ని అందిందన్న జవాబుగా లెక్కపెట్టకండి. ఎవరో "రేటెంత" అని అడిగినా అదే వెళ్తుంది.

ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, అందిన రోజు నుంచి నెల లోపు పరిష్కరించాలి, ఫిర్యాదులు చూసే అధికారి పేరు, వివరాలు సైట్‌లో కనబడాలి. మామూలు కొట్టుకి ఆ నియమం వర్తించదు. అయినా కస్టమరు 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే, మనం ఎప్పుడు ఏం చెప్పామో చూపించడానికి ఈ మెసేజే ఉంటుంది.

ఇప్పుడు శనివారం వచ్చింది. పంపే పోయిందని తేలింది. రమణ సాయంత్రం ఫోన్ చేసి చెప్పాడు, 27 మాట అలాగే ఉంది. కానీ 24న బరంపురం వాళ్ళు పార్టు ఇంకా రాలేదన్నారు. అప్పుడేం చేయాలి? 27 దాటేదాకా ఊరుకోకూడదు. ఆ 24 సాయంత్రమే ఇలా పంపండి.

[తెర మీద: "మేష్టారూ, రమణని. పంపు ఇవాళ రావాలి, రాలేదు. శనివారం 27 లోపు అవుతుందన్నాం, అది కుదరదు. 26, శుక్రవారం మధ్యాహ్నం 12కి సర్వీస్ సెంటర్‌ని మళ్ళీ అడిగి, వాళ్ళు చెప్పిన తేదీ మీకు ఫోన్‌లో చెబుతాను."]

కొత్త తేదీ తెలియనప్పుడు ఊహించి రాయకండి. ఎప్పుడు కబురు చెబుతారో ఆ గంట రాస్తే చాలు. శుక్రవారం పన్నెండింటికి కబురు ఏమీ లేకపోయినా, లేదని చెప్పడానికి రమణ ఫోన్ చేయాల్సిందే.

రిజిస్టరులో చివర ఒక గడి పెంచుకోండి. మనం చెప్పిన తేదీ కంటే ముందే కస్టమరు మళ్ళీ ఫోన్ చేస్తే ఏం అడిగారో అందులో రాయండి. "ఎప్పుడొస్తారు" అని అడిగితే తేదీ సరిగ్గా చెప్పలేదన్నమాట. "ఎవరితో మాట్లాడాలి" అంటే పేరు దగ్గర ఏదో తేడా ఉంది. పార్టుకి ఎన్ని రోజులు పట్టిందో కూడా ఆ వరుసలోనే రాయండి. వచ్చేసారి పంపు పోయిందని ఎవరైనా మెసేజ్ పెడితే ఎనిమిది కాదు, తొమ్మిది లెక్కలు చూసుకుని తేదీ చెప్పొచ్చు.