కల్తీ లేని సిరప్ అయితే పసిపిల్లలకి పట్టొచ్చా?

నమస్కారమండీ. 2025లో ఛింద్వాడాలో దగ్గు సిరప్ తాగిన పిల్లలు కిడ్నీలు పాడై చనిపోయారు. ఆ సిరప్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసింది. అప్పట్నుంచీ మన గాజువాకలో, మద్దిలపాలెంలో మందుల షాపు దగ్గర ఒకటే మాట: "ఆ కంపెనీది కాకుండా వేరేది ఇవ్వండి, బాబుకి ఏడాదిన్నర." కల్తీ ఒక ప్రమాదం, నిజమే. కానీ ఏ కల్తీ లేని సీసా కూడా ఆ వయసు పిల్లాడికి పట్టకూడదు. ఇది ఎందుకో చూద్దాం.

తెల్లారుజామున బీచ్ రోడ్డు ఊడ్చేవాళ్ళని చూసే ఉంటారు. దగ్గు చేసేది ఆ పనే. ముక్కులోంచి గొంతులోకి జారిన చీమిడిని ఊపిరితిత్తుల్లోకి పోనీకుండా బయటికి ఊడ్చేస్తుంది. పడుకోగానే చీమిడి వెనక్కి జారుతుంది కాబట్టి రాత్రిపూట ఆ పని ఎక్కువ. ఊడ్చేవాళ్ళని ఆపేస్తే రోడ్డు శుభ్రమవుతుందా?

జలుబు సిరప్‌లో సాధారణంగా ఉండే క్లోర్‌ఫెనిరమిన్‌కి జలుబు తెచ్చే వైరస్‌తో సంబంధం లేదు. అది మత్తు తెప్పిస్తుంది, చీమిడిని చిక్కబరుస్తుంది. అంటే చెత్త రోడ్డుకి అంటుకుపోతుంది, ఊడ్చేవాళ్ళు నిద్రపోతారు. పిల్లాడు కదలకుండా పడుకుంటే మందు పనిచేసిందనుకుంటాం. జలుబు మాత్రం తగ్గాల్సినప్పుడే తగ్గుతుంది.

(రెండు సీసాలూ పక్కపక్కన, లేబుళ్ళు దగ్గరగా)

ఇప్పుడు అసలు ప్రమాదం చూడండి. ఇది చుక్కల మందు, అది సిరప్. రెండింటి మీదా క్లోర్‌ఫెనిరమిన్ 2 మి.గ్రా., ముక్కుదిబ్బడకి వాడే ఫినైల్‌ఎఫ్రిన్ 5 మి.గ్రా. అనే ఉంది. కింద చిన్న అక్షరాలు చదవండి. సిరప్‌లో అంత మందు 5 మి.లీ.లో ఉంది, చుక్కల మందులో 1 మి.లీ.లోనే. ఇంట్లో డ్రాపర్ పోయింది, అమ్మమ్మగారు సిరప్ మూతతో 5 మి.లీ. పట్టేశారనుకోండి. పిల్లాడి ఒంట్లోకి 10 మి.గ్రా. క్లోర్‌ఫెనిరమిన్ వెళ్ళింది. పెద్దవాళ్ళు ఒకసారి వేసుకునే మాత్రలో ఉండేది 4! ఫినైల్‌ఎఫ్రిన్ 25 మి.గ్రా. గుండె దడదడలాడొచ్చు, విపరీతమైన మత్తు రావొచ్చు, లేదా చిరాకుతో గింజుకోవచ్చు, ఫిట్స్ కూడా రావొచ్చు. అలా పట్టేస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా సీసా చేత్తో పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళండి.

ఈ రెండు మందులూ కలిపిన చుక్కల్ని నాలుగేళ్ళ లోపు పిల్లలకి వాడొద్దని సీసా మీద రాయాలంటూ 2023 డిసెంబరులోనే డ్రగ్స్ కంట్రోలర్ చెప్పారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ, రెండేళ్ళ లోపు పిల్లలకి దగ్గు, జలుబు మందులు రాయనే వద్దంది. ఐదేళ్ళ లోపు కూడా మామూలుగా సిఫారసు చెయ్యొద్దంది. పాత సీసాలు ఫ్రిజ్ తలుపులో ఉంటే తీసెయ్యండి.

మరేం చెయ్యాలి? ఊడ్చే ముందు నీళ్ళు చల్లాలి. ఆ నీళ్ళే సెలైన్ చుక్కలు. లేబుల్ మీద సోడియం క్లోరైడ్ 0.65 శాతం అని ఒక్కటే ఉండాలి. జైలోమెటజోలిన్ అనో ఆక్సీమెటజోలిన్ అనో ఉంటే అది వేరే మందు, వెనక్కి ఇచ్చెయ్యండి. పాలు పట్టే ముందు, పడుకోబెట్టే ముందు పిల్లాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి ఒక్కో ముక్కులో రెండు చుక్కలు వెయ్యండి. ఒక నిమిషం ఆగండి. వచ్చింది మెత్తటి గుడ్డతో తుడవండి. చీమిడి లాగే రబ్బరు బుడ్డి వాడితే దాన్ని బయటే నొక్కి పట్టుకుని, ముక్కు అంచున పెట్టి వదలాలి. లోపల పెట్టి నొక్కితే చీమిడి ఇంకా పైకి పోతుంది. పదేపదే లాగితే ముక్కు వాచిపోతుంది, రోజుకి మూడు నాలుగుసార్లు మించొద్దు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. ఏడాది దాటితే రాత్రి అర చెంచా తేనె పెట్టొచ్చు. ఏడాది లోపు నాలిక్కి రాయడం కూడా వద్దు, కండరాల్ని చచ్చుబడేసే బొట్యులిజం అనే జబ్బు రావొచ్చు, తేనె వేడి చేసినా ఆ ప్రమాదం పోదు. కొబ్బరినూనెలో కర్పూరం కాచి రాయడం మానండి, కర్పూరం వల్ల ఫిట్స్ రావొచ్చు. వేడినీళ్ళ గిన్నెతో ఆవిరి వద్దు, పిల్లలు కాల్చుకుంటారు. పాలు, నీళ్ళు కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పట్టండి. ఆరు నెలల లోపైతే పాలు చాలు. చీమిడి పచ్చగా మారినంత మాత్రాన యాంటీబయాటిక్ అక్కర్లేదు. దగ్గు రెండు మూడు వారాలు ఉండొచ్చు.

ఊపిరి మాత్రం లెక్కపెట్టండి. పిల్లాడు ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకి ఎత్తి, పూర్తిగా ఒక నిమిషం. రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ళ లోపు 40 లేదా అంతకంటే ఎక్కువైతే అదే రోజు డాక్టరుకి చూపించండి. మూడు నెలల లోపు బిడ్డకి జ్వరం వచ్చినా అంతే. డొక్కలు లోపలికి లాక్కుపోతున్నా, పెదాలు నీలంగా మారినా, పాలు తాగలేకపోతున్నా, లేపినా లేవకపోయినా వెంటనే 108కి ఫోన్ చెయ్యండి.