మబ్బు పచ్చగా ఉంది, ధర మాత్రం కిందే ఉంది

యాంకర్: తర్వాతి కాల్ కూకట్‌పల్లి నుంచి. చెప్పండి బాబూ.

కాలర్: నమస్తే మేడమ్. నా క్రిప్టో కాయిన్ డైలీ చార్టులో ఇచిమోకు పెట్టుకున్నా, అదే, ధర ట్రెండ్ చూపడానికి కొన్ని గీతల్నీ, రెండు గీతల మధ్య రంగు మబ్బునీ గీసే సూచిక. ముందు కనిపించే మబ్బు పచ్చగా మారింది, ట్రెండ్ తిరిగిందనుకుని కొనేశా. రెండ్రోజుల్నుంచి టెన్షన్‌గా ఉంది.

నిపుణురాలు: ఇవాళ ధరెంత? ఇవాళ్టి ధరని చూపే క్యాండిల్ ఉంది కదా, సరిగ్గా దాని దగ్గర మబ్బు ఎక్కడుంది?

కాలర్: ధర 111 రూపాయలు. మబ్బు 112 నుంచి 120 దాకా, ఎర్రగా ఉంది.

నిపుణురాలు: అయితే ధర ఇంకా మబ్బు కిందే ఉంది బాబూ. ముందున్న పచ్చ మబ్బు జోస్యం కాదు, ఇవాళ్టి లెక్కనే 26 రోజులు ముందుకు జరిపి గీస్తారు. మీ 9 రోజుల గరిష్ఠం, కనిష్ఠం చెప్పండి.

కాలర్: 118, 102. 26 రోజులకి 124, 92. 52 రోజులకి 124, 84.

నిపుణురాలు: గరిష్ఠం, కనిష్ఠం కలిపి సగం చేస్తే 9 రోజుల గీత తెన్‌కన్ 110, 26 రోజుల గీత కిజున్ 108. ఆ రెండిటి సగటు 109 మబ్బుకి ఒక అంచు, 52 రోజుల సగం 104 రెండో అంచు. 109 పైనుంది కాబట్టి రంగు పచ్చ, అంతే. ఇవాళ మీ ధరని అడ్డుకునేది మాత్రం 26 రోజుల కింద లెక్కేసిన ఎర్ర మబ్బు. ట్రెండ్ పైకి అనాలంటే 120 పైన డైలీ క్యాండిల్ ముగియాలి, మబ్బు లోపల తిరుగుతున్నంతసేపూ ఏ దిక్కూ లేదనే అనుకోండి.

కాలర్: మరి ధర పడితే ఆగే సపోర్టు ఎక్కడ?

నిపుణురాలు: 108 దగ్గర కిజున్ గీత సమంగా ఉందా?

కాలర్: అవును, చాలా రోజులుగా.

నిపుణురాలు: ఈ మధ్య కొత్త గరిష్ఠం, కొత్త కనిష్ఠం రెండూ రాలేదన్నమాట. అలాంటి సమమైన గీత దగ్గరికి ధర తరచూ వచ్చి ఆగుతుంది, దాని కింద ముగిస్తే నేనైతే బయటికొచ్చేస్తా. ఇక్కడొకటి గమనించండి. ఆ 92 ఎప్పటిది?

కాలర్: ఇరవై రోజుల కిందటిది, దాని తర్వాతి కనిష్ఠం 98.

నిపుణురాలు: ఇంకో ఆరేడు రోజుల్లో 92 లెక్కలోంచి జారిపోతుంది. అప్పుడు 124, 98 సగం 111, అంటే ధర కదలకపోయినా కిజున్ పైకి దూకుతుంది. దాన్ని చూసి బలం వచ్చిందనుకోకండి. బలం తెలియాలంటే చికో గీత చూడండి, అది ఇవాళ్టి ముగింపుని 26 రోజులు వెనక్కి పెడుతుంది. అక్కడ అప్పటి ధరెంత?

కాలర్: 118.

నిపుణురాలు: మీ 111 దాని కిందుంది, ఊపు ఇంకా రాలేదు. ఇంకో మాట, కాయిన్ మార్కెట్‌కి సెలవుండదు, చాలా చార్టుల్లో డైలీ క్యాండిల్ మన టైమ్‌కి ఉదయం 5:30కి ముగుస్తుంది. రాత్రి పదింటికి 121 కనిపించిందని ఎగబడకండి, అది తెల్లారేసరికి 117 కావచ్చు.

కాలర్: ఇంకా కొందామనుకున్నా మేడమ్, ఆపేస్తా. 108 కింద ముగిస్తే ఉన్నవీ అమ్మేస్తా.