అరిగిన చెవి, మొరాయించే తాళం
(నల్లగొండలో ఐటీఐ ఫిట్టర్ విద్యార్థులకు ఒక తాళాల మేస్త్రీ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, నేను క్లాక్ టవర్ వైపు చిన్న డబ్బా కొట్టు పెట్టుకుని తాళాలు బాగు చేసుకునేవాణ్ణి. సార్లు పిలిచి తాళాల గురించి చెప్పమన్నారు. అన్ని తాళాల గురించీ చెబితే పొద్దుగూకుతుంది. అందుకని ఒక్క రకమే తీసుకుంటాను. తలుపుల లాకుల్లో, బీరువాల్లో, ఇప్పుడు చాలా తాళంకప్పల్లో కూడా ఉండే పిన్నుల తాళం. అందులోనూ ఒక్క ప్రశ్నే. నా కొట్టుకు రోజూ వచ్చేదే అది: "అన్నా, మొన్ననే డూప్లికేట్ చేయించినం, తిరుగుతలేదు. ఎందుకు?"

ఇదిగో, ఈ సిలిండర్‌ను పక్క నుంచి సగం కోసి తెచ్చాను. చేతులు మార్చుకుంటూ చూడండి. బయట ఉన్నది బాడీ, అది కదలదు. లోపల గుండ్రంగా ఉన్న ఇత్తడి కడ్డీని ప్లగ్ అంటాం. చెవి దూరేదీ, చెవితో పాటు తిరిగేదీ అదే. ప్లగ్ వెనకాల ఒక చిన్న నాలుక ఉంటుంది, గడియను లాగేది అది. అంటే తాళం తీయడమంటే మొత్తానికి ఈ ప్లగ్‌ను తిప్పడమే. తిరగకుండా దాన్ని ఆపుతున్నది ఏమిటన్నదే అసలు సంగతి.

పై నుంచి కిందికి వరుసగా ఐదు రంధ్రాలు చూడండి. ఒక్కో రంధ్రం బాడీలో మొదలై ప్లగ్‌లోకి దిగింది. ప్రతి రంధ్రంలో పైన స్ప్రింగ్, దాని కింద ఒక పిన్ను, ఆ పిన్ను కింద ఇంకో పిన్ను ఉంటాయి. పై పిన్నులు దాదాపు అన్నీ ఒకే పొడవు. కింది పిన్నులు మాత్రం ఒక్కోటి ఒక్కో పొడవు, కొస మొనదేలి ఉంటుంది. చెవి లేనప్పుడు స్ప్రింగ్ రెండిటినీ కిందికి నొక్కుతుంది. పై పిన్ను సగం బాడీలో, సగం ప్లగ్‌లో నిలబడిపోతుంది. ఇక ప్లగ్‌ను ఎంత తిప్పబోయినా ఆ పిన్ను అడ్డం. ఐదు రంధ్రాల్లో ఐదు అడ్డాలు.

రైలు బోగీలు విడదీయాలంటే కప్లింగ్ దగ్గరే విడదీయాలి కదా, బోగీ మధ్యలో కాదు. ఇక్కడా అంతే. పై పిన్నుకూ కింది పిన్నుకూ మధ్య ఉన్న అతుకు, ప్లగ్‌కూ బాడీకీ మధ్య ఉన్న సందుకు సరిగ్గా ఎదురుగా రావాలి. ఆ సందును షియర్ లైన్ అంటారు. ఐదు అతుకులూ ఒకేసారి ఆ గీత మీదికి వస్తే ప్లగ్ తిరుగుతుంది. పై పిన్నులు బాడీలోనే ఉండిపోతాయి, కింది పిన్నులు ప్లగ్‌తో కలిసి తిరుగుతాయి. నాలుగు వచ్చి ఒకటి రాకపోయినా తిరగదు.

చెవి మీద గాట్లు చేసే పని ఇదే. కింది పిన్ను పొట్టిదైతే గాటు లోతు తక్కువ, పొడుగుదైతే లోతు ఎక్కువ. గాటు దగ్గర చెవి ఎత్తు, దాని మీద కూర్చున్న పిన్ను పొడవు, ఈ రెండూ కలిపితే ఐదు చోట్లా ఒకే మొత్తం రావాలి. అది ప్లగ్ వ్యాసానికి సమానం. ఈ కూడికను మరిచిపోకండి, ఇవాళ చెప్పేదంతా దీని మీదే నడుస్తుంది.

కొందరు అనుకుంటారు, చెవి లోతు గాట్లతో ఉంటే గట్టి తాళమని. అదేం కాదు. గాటు పైకి పోయినా చెడే, కిందికి పోయినా చెడే. చెవి ఎత్తు ఎక్కువైతే కింది పిన్ను గీత దాటి బాడీలోకి పొడుచుకుంటుంది. తక్కువైతే పై పిన్ను ప్లగ్‌లోకి దిగబడుతుంది. రెండు చోట్లా ప్లగ్ జామ్. మీరు ఇంకోటి గమనించే ఉంటారు, సగం తిప్పాక చెవి బయటికి రాదు. కారణం ఇదే. ప్లగ్ తిరిగాక కింది పిన్నుల నెత్తి మీద బాడీ గోడ ఉంటుంది, అవి పైకి లేచే దారి లేదు. చెవి బయటికి రావాలంటే పిన్నులు గాట్ల ఏటవాలు మీద ఎక్కి దిగాలి. అందుకే మళ్లీ మొదటి చోటికి తిప్పాకే చెవి వస్తుంది.

ఈ పద్ధతి కొత్తదేం కాదు. ప్రాచీన ఈజిప్టు, అస్సీరియా వాళ్లు చెక్కతో ఇలాంటి తాళాలే చేశారు. వాటిలో పిన్నులు సొంత బరువుతో కిందికి పడేవి, చెవి చేతి కర్రంత పెద్దది. స్ప్రింగులు పెట్టి, చిన్న బల్లపరుపు చెవితో ఇప్పటి రూపానికి తెచ్చింది అమెరికాలో లైనస్ యేల్ జూనియర్, 1861లో ఒకటి, 1865లో ఒకటి పేటెంట్లు తీసుకున్నాడు. వాళ్ల నాన్న కూడా తాళాల మనిషే.

సరే, లెక్కకు వద్దాం. మీ దగ్గర వెర్నియర్ ఉంది కాబట్టి అంకెలతోనే చెబుతాను. ష్లేగ్ అని ఒక పాత అమెరికన్ కంపెనీ ఉంది, దాని కొలతలు తాళాల పనివాళ్లందరికీ తెలిసినవే. మీ ఇంటి తాళానికి అంకెలు వేరే ఉంటాయి, లెక్క పద్ధతి ఇదే. అందులో ప్లగ్ వ్యాసం 12.7 మిల్లీమీటర్లు. గాట్ల లోతుకు 0 నుంచి 9 దాకా పది మెట్లు. 0 దగ్గర చెవి ఎత్తు 8.51. ఒక్కో మెట్టుకు 0.38 తగ్గుతుంది. ఒక చెవి 3, 5, 2, 6, 4 మెట్లతో కోశారనుకోండి. మొదటి గాటు దగ్గర ఎత్తు 7.37. దాని పిన్ను 5.33. కలిపితే 12.7. మిగతా నాలుగూ అంతే. వాటి ఎత్తులు వరుసగా 6.60, 7.75, 6.22, 6.99.

ఇప్పుడు ఈ చెవి పాలమూరు నుంచి బొంబాయికి పనికి పోయే ఒక కుటుంబానిదనుకుందాం. ఊరొదిలే ముందు డూప్లికేట్ చేయించి ఒకటి పక్కింటి వాళ్లకు ఇచ్చారు. కొన్నేళ్లకు అసలుది ఎక్కడో పడిపోయింది. పక్కింటి వాళ్ల దగ్గరున్న డూప్లికేట్‌ను చూసి ఇంకోటి చేయించారు. చెవి ఇత్తడిది, మెత్తటి లోహం. తీసిన ప్రతిసారీ పిన్నుల మొనలు దాన్ని కాస్త రుద్దుతాయి, ఎత్తు తగ్గుతుంది. కోసే మెషీన్ దాన్ని సరిచేయదు. ఒక పక్క గైడ్ పాత చెవి మీద నడుస్తుంటే ఇంకో పక్క కట్టర్ అదే దారిలో కోస్తుంది. ఉన్న అరుగుదలంతా కొత్త చెవికి ఎక్కుతుంది. పైగా మెషీన్ సెట్టింగ్ కొంచెం తేడా ఉంటే అది కూడా కలుస్తుంది. చెవికి చెవి, దానికి ఇంకో చెవి అలా పోతుంటే, చివరిది ఐదు గాట్ల దగ్గర 7.18, 6.44, 7.57, 6.08, 6.79కి వచ్చిందనుకోండి.

మొదటిది చూడండి. 7.18కి పిన్ను 5.33 కలిపితే 12.51. గీతకు 0.19 కింద. అంటే పై పిన్ను కొస ఆ మేరకు ప్లగ్‌లో ఉంది. కాగితం మందం రెండింతలు కూడా కాదు కదా అనిపిస్తుంది. కానీ పిన్నుకు రంధ్రానికి మధ్య తయారీలో వదిలిన వదులు ఇంకా తక్కువ. ఆ వదులు ఉండబట్టే కొద్దిగా అరిగిన చెవి కూడా కొన్నేళ్లు తిరుగుతుంది, ఆ మేర దాటాక మొరాయిస్తుంది. సగం మెట్టు దూరం పోతే ఆ చెవి 3 కాదు, 4 కాదు.

దీన్నే ఇంకోసారి కాపీ కొడితే వచ్చేది ఇంకో మొండి చెవి. చేయాల్సింది కొలవడం. ఐదు ఎత్తులూ కొలిచి, అసలు మెట్లు ఏవై ఉంటాయో తేల్చి, గాట్లు కోయని కొత్త బ్లాంక్ మీద ఆ మెట్లకే కోయాలి. ఇక్కడ ఒక పొరపాటు జరుగుతుంది, మీరు చేయకండి. దగ్గరి మెట్టుకు సర్దేయడం. ఐదో గాటు 6.79. పైన ఉన్న మెట్టు 4, అంటే 6.99, దానికి 0.20 దూరం. కింద ఉన్నది 5, అంటే 6.60, దానికి 0.19. దగ్గరిది చూసుకుంటే 5 కోస్తారు, తాళం తిరగదు. ఎందుకంటే లోహం అరుగుతుందే తప్ప పెరగదు. అన్ని గాట్లూ కిందికే జారాయి, దాదాపు ఒకే మేర. అందుకని పై మెట్టే సరైనది, 4. నమ్మకం కుదరకపోతే సిలిండర్ విప్పి కింది పిన్ను కొలవండి. దాని పొడవు 5.72 అయితే 12.7లోంచి తీసేయండి, 6.98 వస్తుంది. మెట్టు 4 అని తేలిపోయింది.

కొట్టులో విప్పకుండానే కొంత చెప్పొచ్చు. చెవి పెట్టి తిప్పుతూ, చేత్తో పట్టుకున్న చెవి కొసను కొంచెం పైకి గానీ కిందికి గానీ వాల్చండి. పిన్నుల వైపు వాల్చినప్పుడు తిరిగితే గాట్లు అరిగాయని అర్థం. చెవిని పూర్తిగా దూర్చి, వెంట్రుకవాసి బయటికి లాగినప్పుడు తిరిగితే అది లోతు సమస్య కాదు, జరుగుడు సమస్య. కోసేటప్పుడు చెవి భుజాన్ని మెషీన్ దవడకు ఆనించకుండా బిగించారు, గాట్లన్నీ ఒక పక్కకు జరిగాయి. ఇది అరుగుదల కాదు, కోసినవాడి తప్పు. అదే డూప్లికేట్ తిరగక అసలు చెవి బాగా తిరుగుతుంటే తాళాన్ని ముట్టుకోవద్దు. రెండూ మొరాయిస్తేనే తాళం లోపల చూడాలి.

లోపలంటే మన దగ్గర ఎక్కువగా దుమ్ము. నెలల తరబడి మూసి ఉన్న ఇళ్ల తాళాల్లో మరీ. జనం వెంటనే కొబ్బరినూనె పోస్తారు. రెండు రోజులు బాగుంటుంది, తర్వాత నూనెలో దుమ్ము కలిసి పిండిలా గట్టిపడుతుంది, పిన్ను పైకి పోయినది కిందికి రాదు. స్ప్రింగ్ బలం ఎంతని? చిటికెన వేలు చాలు దాన్ని నొక్కడానికి. గ్రాఫైట్ పొడి ఊదండి, పెన్సిల్ మొన గీకిన పొడైనా పర్వాలేదు.

ఇంకో మాట, బజార్లో చవక తాళంకప్పల గురించి. మూడు పిన్నులు, నాలుగు మెట్లు ఉన్న తాళానికి ఎన్ని రకాల చెవులు సాధ్యం? నాలుగు ఇంటూ నాలుగు ఇంటూ నాలుగు, 64. అందులోనూ అన్నీ వాడరు. అన్ని గాట్లూ ఒకే లోతు అయితే ఇంకో చెవి సులభంగా తెరుస్తుంది. పక్కపక్క గాట్లకు మరీ తేడా ఉంటే మధ్యలో ఏటవాలు నిలవదు. పెట్టెలో ఒకటి కొంటే పక్క దుకాణపోడి చెవితో తెరుచుకోవడం వింతేం కాదు. ఐదు పిన్నులు, ఆరు మెట్లయితే 7,776. కంప్యూటర్ కీ అని గుంటల చెవి ఒకటి అమ్ముతున్నారు కదా, అందులో కంప్యూటర్ ఏమీ లేదు. ఇవే పిన్నులు, ఇవే స్ప్రింగులు. గాట్లు అంచున కాకుండా చెవి పక్కన గుంటల్లా ఉంటాయి, అంతే.

ఇక ఇప్పుడు మీరే విప్పండి. ప్లగ్‌ను ఊరికే బయటికి లాగేయకండి, పై పిన్నులు స్ప్రింగులతో సహా జారి ఎగురుతాయి, ఈ షాపులో వాటిని వెతకడం మీ వల్ల కాదు. అందుకే లేత్ మీద ప్లగ్ వ్యాసానికే ఒక కడ్డీ తిప్పి ఉంచమని మీ సార్లకు ముందే చెప్పాను. చెవి పెట్టి ప్లగ్‌ను కాస్త తిప్పి, వెనక క్లిప్పు తీసి, ఆ కడ్డీతో ప్లగ్‌ను ముందుకు నెట్టండి. ప్లగ్ బయటికి వస్తుంటే కడ్డీ లోపలికి పోతుంది, మధ్యలో సందు పడకూడదు. కింద తెల్లగుడ్డ పరవండి. పిన్నులను తీసిన వరుసలోనే పెట్టండి, ఒకటి నుంచి ఐదు దాకా. కలిపేశారంటే ఆ తాళానికి కొత్త చెవి కోయాల్సి వస్తుంది.