ఒక్క ‘కలిగితే’ చేసే నష్టం

“మాది చిన్న టిఫిన్ హోటల్. గూగుల్‌లో ఒకాయన ఒక్క స్టార్ ఇచ్చి, ‘ఆదివారం 40 నిమిషాలు కూర్చోబెట్టి చల్లారిన దోశ పెట్టారు’ అని రాశారు. నిజమే, ఆ రోజు దోశ మాస్టర్ రాలేదు, ఒక్క పెనమే నడిచింది. ఇలా జవాబు రాశాను: ‘ఆదివారం రద్దీ ఉంటుందని అందరికీ తెలుసు. మిగతా వాళ్లెవరూ ఏమీ అనలేదు. అయినా అసౌకర్యం కలిగితే క్షమించండి.’ ఇది పెట్టవచ్చా?”

నమస్కారం. దీన్ని ఇలాగే పెట్టవద్దండి. ఆ జవాబు ఆయనకు చేరుతుంది, కానీ ఆయన సమీక్ష కిందే బహిరంగంగా ఉండిపోతుంది కనుక, రేపు పిల్లలతో టిఫిన్‌కు ఎక్కడికి వెళ్దామా అని వెతికే కొత్తవాళ్లు కూడా దాన్నే చదువుతారు. వాళ్లకు ఆయన ఎవరో తెలియదు. తప్పు జరిగినప్పుడు మీరు ఎలా మాట్లాడతారన్నదే వాళ్లు చూస్తారు.

మీ జవాబులో నన్ను ఎక్కువగా బాధపెట్టిన మాట ‘కలిగితే’. ఆయన ఇబ్బంది కలిగిందని స్పష్టంగా రాశాక మనం ‘కలిగితే’ అంటే, ఆయన మాటను నమ్మలేదని చెప్పినట్టే. ‘మిగతా వాళ్లెవరూ ఏమీ అనలేదు’ అన్నది కూడా అంతే. అది ఆయనను ఒంటరిని చేసి తప్పుపడుతుంది. ఆయన రాసిన రెండు సంగతులను, అంటే 40 నిమిషాలను, చల్లారిన దోశను, ఆయన మాటల్లోనే తిరిగి చెప్పి, అవి మా తప్పేనని ఒప్పుకుంటే, ఆయన రాసింది శ్రద్ధగా చదివారని చూసేవాళ్లకూ అర్థమవుతుంది.

ఇక మాస్టర్ రాని సంగతి. అది అసలు కారణమే అయినా, పదిమంది చూసే చోట పనివాడి మీదికి తోసినట్టు కనిపిస్తుంది. కారణాన్ని క్షమాపణ తరువాత ఒక్క ముక్కలో చెప్పి, వెంటనే ఏం మార్చారో చెప్పండి. నేనైతే ఇలా రాస్తాను:

“నమస్కారమండి. ఆదివారం మిమ్మల్ని 40 నిమిషాలు కూర్చోబెట్టి, చల్లారిన దోశ ఇవ్వడం మా తప్పు. క్షమించండి. ఆ ఉదయం ఒక్క పెనం మీదే దోశలు వేశాము. వచ్చే ఆదివారం నుంచి రెండు పెనాలు నడుపుతాము, ఆలస్యమయ్యేలా ఉంటే ఆర్డర్ తీసుకునేటప్పుడే చెబుతాము. వీలైతే హోటల్ నంబరుకు ఫోన్ చేయండి, నేనే మాట్లాడతాను. యజమానురాలు.”

ఇందులో ఉచిత టిఫిన్ మాట లేదని గమనించండి. సమీక్ష తీసేయడానికో, స్టార్లు పెంచడానికో ఏదైనా ఇవ్వజూపడాన్ని గూగుల్ నియమాలు ఒప్పుకోవు. ఆయన ఫోన్ చేస్తే, డబ్బు తిరిగి ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి, కానీ సమీక్ష ఊసు ఎత్తకండి. ఆయన ఫోన్ నంబరును, బిల్లు వివరాలను జవాబులో పెట్టకండి.

రెండో పెనం నడపడం మీకు ఇప్పుడే కుదరకపోతే ఆ మాటను తీసేయండి. ఆలస్యాన్ని ముందే చెబుతామన్నది ఒక్కటే ఉంచండి. రెండో పెనం నిజంగా వచ్చిన రోజు జవాబును మళ్లీ తెరిచి దిద్దుకోవచ్చు.