ఫోన్-ఇన్: పొట్టి వరి వచ్చాక సుడిదోమ ఎందుకు పెరిగింది?

యాంకర్: శ్రోతలకు నమస్కారం. విశాఖపట్నం స్టూడియో నుంచి రైతుల ఫోన్-ఇన్. హరిత విప్లవం వచ్చాక వరి సాగు ఎలా మారిందో ఈరోజు మాట్లాడుకుందాం. వరి శాస్త్రవేత్తగా పనిచేసి రిటైరైన సార్ మనతో ఉన్నారు. మొదటి కాల్, చెప్పండి.

కాలర్ (పెందుర్తి): నమస్కారమండీ. ఐఆర్-8 ఐఆర్-8 అంటారు కదా సార్, అసలు ఆ వరి రకంలో కొత్తేముంది?

శాస్త్రవేత్త: పొట్టిదనం. మన పాత రకాలు నడుం దాటి పెరిగేవి. కాస్త ఎరువు ఎక్కువ వేస్తే కంకి బరువుకి కాండం ఆగక చేను పడిపోయేది, గింజ నీళ్లలో నానిపోయేది. అందుకే రైతు గత్తంతో సరిపెట్టేవాడు, అందులో తెలివితక్కువతనం ఏమీ లేదు. ఇండోనేషియా నుంచి పీటా అనే పొడుగు రకాన్ని, తైవాన్ నుంచి ఒక పొట్టి రకాన్ని కలిపి ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1966లో ఐఆర్-8 విడుదల చేసింది. 130 రోజుల్లో కోతకొస్తుంది. అక్కడి ఫారంలో ఎరువు లేకుండానే హెక్టారుకు 5 టన్నుల దాకా, నత్రజని దండిగా వేస్తే 9 టన్నులు దాటి పండింది. మన లెక్కలో ఎకరాకు 27 బస్తాలు ఎక్కడ, 50 బస్తాలు ఎక్కడ! అది ఫారంలో మాట, చేలో అంత రాదు, అయినా తేడా చూడండి. 1967లో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు వేసి చుట్టుపక్కలకి విత్తనం ఇచ్చారు. ఆయనకి మిస్టర్ ఐఆర్-8 అనే పేరొచ్చింది.

కాలర్: అన్నం బాగోదనేవారు మా నాన్న.

శాస్త్రవేత్త: నిజమే. చల్లారితే గట్టిపడేది, గింజ నడుమ తెల్లమచ్చ ఉండేది. ఎండాకు తెగులు కూడా తొందరగా పట్టేది. అందుకే ఆ తర్వాత వేరే రకాలు వచ్చాయి.

యాంకర్: థాంక్యూ అండీ. తర్వాత కాల్ చోడవరం నుంచి.

కాలర్ (చోడవరం): నమస్కారం బాబూ, నాకు డెబ్బై దాటాయి. మూడెకరాలు స్వర్ణ రకమే వేస్తాను. ఎకరాకు మూడు బస్తాలు యూరియా ఏస్తాను, ముందు నల్లగా ఏపుగా లేస్తాది, చూస్తే కడుపు నిండిపోద్ది, తీరా ఈనిక దగ్గరకొచ్చేసరికి చేలో గుండ్రంగా ఎండిపోతంది. మొదట ఒక చోట మంచమంత, నాలుగు రోజులకి కళ్ళమంత. మందు కొట్టించాను, మళ్లీ వచ్చింది, మళ్లీ కొట్టించాను. పాత రోజుల్లో ఈ దోమే లేదు. అప్పటి విత్తనమే మంచిది కదా బాబూ? ఆ పాతవి మళ్లీ ఏసుకోమంటారా?

శాస్త్రవేత్త: అది సుడిదోమ, మొక్క మొదట్లో రసం పీల్చే పురుగు. అప్పుడూ ఉంది బాబాయ్, లెక్కలోకి వచ్చేది కాదు. కుదుళ్లు తట్టి చూశారా, మందు కొట్టకముందు?

కాలర్: పక్క చేలో వచ్చిందంటే నేనూ కొట్టేశాను.

శాస్త్రవేత్త: అదే వద్దన్నది! తట్టి చూడకుండా మందు కొట్టొద్దు. ఆకుల మీద కాదు, మొదట్లో, నీటికి పైన చూడాలి. కుదురు వంచి తడితే గోధుమరంగు పురుగులు నీళ్లలో పడతాయి. అక్కడే సాలీళ్లు, చిన్న ఆకుపచ్చ నల్లులు కూడా ఉంటాయి. సాలీడు దోమని తింటుంది, నల్లి దోమ గుడ్డుని పీల్చేస్తుంది. సుడిదోమ గుడ్లు ఆకు తొడుగు లోపల పెడుతుంది, అక్కడికి మందు చేరదు. పైన మందు కొడితే పెద్ద దోమ చస్తుంది, సాలీడూ చస్తుంది, గుడ్లు మాత్రం అలాగే ఉంటాయి. వారం పది రోజుల్లో పిల్లలు బయటికొస్తే తినేవాళ్లెవరూ లేరు. మీకు రెండోసారి వచ్చింది ఇదే.

కాలర్: అంటే మందు నకిలీదా?

శాస్త్రవేత్త: కాదు బాబాయ్, వినండి. 1970ల్లో ఆసియా అంతా ఇదే జరిగింది. కేరళలో 1973-74లో చేలకు చేలు మాడిపోయాయి. రెండో పంట వల్ల పురుగుకి ఏడాది పొడవునా మేత దొరికింది, ఎరువు పడ్డ మెత్తటి మొక్క దొరికింది, పైనుంచి మందుతో దాని శత్రువులు పోయాయి. దోమని తట్టుకునే రకాలు తెచ్చారు, ఐఆర్-26 అని 1973లో ఒకటి. కొన్నేళ్లకే పురుగు దాన్నీ తినడం నేర్చింది. చివరికి 1986లో ఇండోనేషియా ప్రభుత్వం వరిమీద 57 మందుల్ని నిషేధించింది. దిగుబడి పడిపోలేదు.

కాలర్: అవును గానీ, పాత విత్తనం ఏసుకోమంటారా?

శాస్త్రవేత్త: (నవ్వుతూ) వేస్తే ధాన్యం సగం తగ్గుతుంది, మీ యూరియా అలవాటు మానకపోతే చేను పడుతుంది కూడా. స్వర్ణ మన మారుటేరు వరి పరిశోధన కేంద్రం రకమే, 1982లో వచ్చింది, తక్కువ ఎరువుతోనే పండుతుంది. మన ప్రాంతంలో ఖరీఫ్‌కి ఎకరాకు 32 కిలోల నత్రజని చాలు. యూరియాలో 46 శాతమే నత్రజని కాబట్టి 70 కిలోలు, అంటే 45 కిలోల బస్తాలు ఒకటిన్నర. మీరు మూడు వేస్తున్నారు. డీఏపీ కూడా వేస్తే అందులో ఉన్న నత్రజని తీసేయాలి. ఊడ్పు అప్పుడు, పిలకలప్పుడు, చిరుపొట్టకి ముందు, మూడు దఫాలు. ఊడ్చేటప్పుడే ప్రతి రెండు మీటర్లకి జానెడు బాట వదలండి, గాలి ఆడుతుంది. దోమ కనబడితే ముందు నీళ్లు తీసేసి ఆరబెట్టండి.

కాలర్: బాటలొదిలితే జాగా పోద్ది కదా?

శాస్త్రవేత్త: దోమ తింటే చేనే పోద్ది. కుదురుకి పది, పదిహేను దాటితేనే మందు. అదీ మొదట్లో తడిసేలా. సింథటిక్ పైరెత్రాయిడ్ మందులు మాత్రం అసలొద్దు, అవి కొట్టాకే దోమ ఎక్కువవుతుంది. మళ్లీ చెప్తున్నా...

కాలర్: తట్టి చూడకుండా కొట్టొద్దు.

శాస్త్రవేత్త: ఆ, అదీ!

యాంకర్: చాలాసేపు మాట్లాడారు, ధన్యవాదాలు. తర్వాత మధురవాడ.

కాలర్ (మధురవాడ, విద్యార్థిని): సార్, బోర్లాగ్ గారి గురించి రెండు మాటలు...

శాస్త్రవేత్త: ఆయనది గోధుమమ్మా, మెక్సికోలో పొట్టి గోధుమ రకాలు తయారుచేసిన శాస్త్రవేత్త. 1966లో మన దేశానికి మెక్సికో నుంచి 18,000 టన్నుల విత్తనం తెప్పించారు. అక్కడా కథ పొట్టి మొక్కదే, అయితే జన్యువు వేరు, జపాన్ రకం నుంచి వచ్చింది.

యాంకర్: సరే తల్లీ. ఆనందపురం నుంచి ఎవరో ఉన్నారు.

కాలర్ (ఆనందపురం): అయ్యా, గేదెలకి గడ్డి సరిపోవట్లేదండి. మా అత్తగారి కాలంలో ఇంటి పైకప్పుకి కూడా మిగిలేదట.

శాస్త్రవేత్త: సరైన మాట పట్టుకున్నారమ్మా, దీన్ని లెక్కేసేవాళ్లు తక్కువ. పొట్టి మొక్క తన బలం గడ్డికి కాకుండా గింజకి పెడుతుంది, మేతకి లోటొచ్చింది. గడ్డి తగ్గితే పశువు తగ్గింది, పశువు తగ్గితే గత్తం తగ్గింది. దాంతో యూరియా మీద ఇంకా ఎక్కువ ఆధారపడ్డాం, జింకు లాంటివి నేలలో తగ్గితే పట్టించుకోలేదు. ఊడ్చిన రెండు మూడు వారాలకి ఆకుల మీద తుప్పుమచ్చలొచ్చి మొక్క గిడసబారితే అది జింకు లోపం, యూరియా ఎంత పోసినా తగ్గదు. మీ చేలో అలా ఉందా?

కాలర్: ఉన్నాయండి, ఒక మడిలోనే.

శాస్త్రవేత్త: ఆ మడికి ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోల లెక్కన జింకు సల్ఫేటు వేయండి. ఫాస్ఫేటు ఎరువుతో కలపొద్దు. మేతకి గట్లమీద నేపియర్ గడ్డి వేసుకోండి.

యాంకర్: అమ్మా, టైం అయిపోయిందండీ. సార్‌కి ధన్యవాదాలు. ఇప్పుడు వార్తలు.