మానేసినవాళ్లు వేరు, జారిపోయినవాళ్లు వేరు

బరంపురంలో తెలుగు మీటింగ్ అంటే సగం మంది ఒడియాలోనే నోట్స్ రాసుకుంటారు. రాసుకోండి, లెక్క ఏ లిపిలో రాసినా ఒకటే. ఈ లిపి సంగతి చివర్లో మళ్లీ వస్తుంది.

మేం ఇక్కడి తెలుగు ఇళ్ల పిల్లలకు అక్షరాలు నేర్పే ఆన్‌లైన్ క్లాసులు నడుపుతున్నాం. నెలకు 149 రూపాయలు, యూపీఐ ఆటోపే. ఒక నెల మొదట్లో 400 మంది ఉంటే 32 మంది పోయారు. చర్న్, అంటే ఆ నెలలో పోయినవాళ్ల వాటా, 8 శాతం అని రాసుకుని, పాఠాలు నచ్చట్లేదేమోనని రెండు వారాలు పాఠాలే మార్చుకుంటూ కూర్చున్నాం.

తీరా ఒక్కొక్కరి లెక్కా తీస్తే, మా యాప్‌లో క్యాన్సిల్ నొక్కినవాళ్లు 11 మందే. మిగతా 21 మందికి డబ్బు కట్ కాలేదు, 15 రోజుల గడువులోపు రాలేదు, అకౌంట్ ఆగిపోయింది. వీళ్లందరినీ గంపగుత్తగా పేమెంట్ ఫెయిల్ కింద వేసేస్తే మళ్లీ తప్పే. పేమెంట్ గేట్‌వే ప్రతి ఫెయిల్‌కీ ఒక కారణం ఇస్తుంది, అది చదవాలి. ఆరుగురు తమ యూపీఐ యాప్‌లోకి వెళ్లి మ్యాండేట్‌నే, అంటే ఆటోపేకు ఇచ్చిన అనుమతినే, రద్దు చేసుకున్నారు. మన రికార్డులో ఫెయిల్ అని పడినా, అది వాళ్లు కావాలని చేసిన పనే. అంటే మానేసినవాళ్లు 17, 4.25 శాతం. జారిపోయినవాళ్లు 15, 3.75 శాతం. రెండింటినీ ఆ 400తోనే భాగించాలి, లేకపోతే కలిపినప్పుడు 8 రాదు.

జారిపోయినవాళ్లకు ఇంకో కొలత కూడా కావాలి. ఆ నెల మొదటి ప్రయత్నంలో, రద్దు చేసుకున్నవాళ్లు కాక, 60 మందికి డబ్బు కట్ కాలేదు. మళ్లీ ప్రయత్నిస్తే, ఫోన్ చేస్తే, 15 రోజుల్లో 45 మంది కట్టారు. రికవరీ 75 శాతం. 3.75 ఒక్కటే చూస్తుంటే రేపు అది పెరిగినప్పుడు ఫెయిళ్లు పెరిగాయా, మన వసూలు తగ్గిందా అనేది తేలదు.

28న ఫెయిలైనవాడి గడువు వచ్చే నెలలో ముగుస్తుంది కదా, వాణ్ణి ఏ నెలలో వేయాలి? డబ్బు కట్టాల్సిన నెలలోనే. అందుకే నెల దాటాక 15 రోజులు ఆగి గానీ ఈ అంకె ఖరారు చేయం.

ఆ 15 మందిలో నలుగురు నెల రోజులుగా యాప్ తెరవలేదు. ఆటోపే ఉన్న ఖాతాలో కావాలనే బ్యాలెన్స్ ఉంచలేదేమో, మనసులో మాట మనకెలా తెలుస్తుంది? రికార్డులో ఉన్నదాన్ని బట్టి జారిపోయినవాళ్లలోనే ఉంచి, పక్కన గుర్తు పెట్టుకుంటాం.

మిగతా 11 మందికి ఫోన్ చేస్తే ఎక్కువ మంది చెప్పింది ఒకటే: జీతం ఏడో తారీఖుకు, వాళ్లకు మా కోత పడేది ఒకటినే. వాళ్ల దగ్గర ఎనిమిదో తారీఖుకు కొత్త మ్యాండేట్ తీసుకున్నాం. రాయగడ నుంచి ఒకావిడ మాత్రం, "మీ మెసేజ్ వచ్చింది బాబూ, తెలుగులో ఉంది, నాకు చదవడం రాదు కదా, అందుకే పిల్లాణ్ణి చేర్పించింది" అంది. ఆ సాయంత్రమే మెసేజ్ తీసేసి వాయిస్ రికార్డ్ చేశాం.