మొదటిసారి లోపల పరీక్ష

శ్రోతలకు నమస్కారం. "లోపల పరీక్ష చేయాలమ్మా" అని డాక్టరు అనగానే చాలామంది అమ్మాయిలు బిగుసుకుపోతారు. నొప్పి భయం కన్నా, ఏం చేస్తారో తెలియకపోవడమే ఎక్కువ టెన్షన్. అందుకని జరిగేది జరిగినట్టే చెబుతాను.

పెళ్లయిన 26 ఏళ్ల అమ్మాయి పాప్ పరీక్షకు వెళ్తోందనుకుందాం. గర్భసంచి మూతి దగ్గర కణాలు కొద్దిగా తీసి, క్యాన్సరుకు దారితీసే మార్పులున్నాయేమో చూసే పరీక్ష ఇది. నెలసరి లేని రోజున వెళ్లాలి. రక్తం ఎక్కువుంటే కణాలు సరిగా కనపడవు. ముందు రెండు రోజులు కలయిక, యోనిలో పెట్టుకునే మందులు మానాలి.

మొదట డాక్టరు కొన్ని ప్రశ్నలు అడుగుతారు. అత్తగారి ముందు జవాబు చెప్పలేకపోతే, ఆవిడను కాసేపు బయట కూర్చోబెట్టమని అడగండి. అందులో తప్పేం లేదు. ఇంతవరకు కలయికే లేని అమ్మాయికి సాధారణంగా పాప్ పరీక్ష అక్కర్లేదు. వేరే ఇబ్బంది ఉంటే పొట్ట మీద నుంచి చేసే స్కానింగ్‌తోనే చాలావరకు తెలుస్తుంది.

మూత్రానికి వెళ్లొచ్చి, నడుము కింది బట్టలు తీసి, దుప్పటి కప్పుకుని వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవాలి. పక్కన నర్సమ్మ ఉంటుంది. లేకపోతే ఉండమని అడగండి. అప్పుడు స్పెక్యులమ్ అనే పరికరాన్ని లోపల పెడతారు. చూడటానికి బాతు ముక్కులా ఉంటుంది. మూసి ఉంచే లోపలికి పంపి, తర్వాత మెల్లగా తెరుస్తారు. ఒత్తిడిగా అనిపిస్తుంది. భయంతో తుంటి పైకెత్తి బిగబట్టామా, కండరాలు బిగుసుకుని నొప్పి పెరుగుతుంది. నడుమును బల్లకు ఆనించి, ఊపిరి నోటితో నెమ్మదిగా వదలండి. ఇందులో చిన్న సైజులూ ఉంటాయి, చిన్నది వాడమని అడగొచ్చు. ఓర్చుకోలేకపోతే "ఆపండి" అనండి, ఆపాల్సిందే.

తర్వాత చిన్న బ్రష్‌నో, చెక్క పుల్లనో గర్భసంచి మూతి మీద తిప్పుతారు. కొన్ని క్షణాల పని. పొత్తికడుపులో చిన్నగా పట్టేసినట్టు ఉండొచ్చు. ఆ కణాలను గాజు పలక మీద పూసి వెంటనే ఆల్కహాల్‌లో ఉంచుతారు, లేదా మందు నీళ్ల సీసాలో వేస్తారు.

స్పెక్యులమ్ తీశాక, గ్లవ్స్ వేసుకున్న రెండు వేళ్లు లోపల పెట్టి, రెండో చేత్తో పొత్తికడుపు నొక్కుతూ గర్భసంచి, అండాశయాలు ఎలా ఉన్నాయో చూస్తారు. ఎక్కడైనా చురుక్కుమంటే దాచకండి. ఆ నొప్పి ఇన్ఫెక్షన్‌కు గుర్తు కావచ్చు. ఇదంతా మామూలుగా కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది.

ఆ రోజు, మర్నాడు కొద్దిగా రక్తపు మరక కనిపించడం మామూలే. ప్యాడు తడిసేంత రక్తం పోయినా, జ్వరం వచ్చినా డాక్టరుకు చెప్పాలి. రిపోర్టులో "నమూనా సరిపోలేదు" అని వస్తే కణాలు చాలలేదనో, సరిగా కనపడలేదనో మాత్రమే అర్థం, కొన్నాళ్లకు మళ్లీ తీస్తారు. "మార్పులున్నాయి" అని వచ్చినా అది క్యాన్సర్ అని కాదు. మార్పును బట్టి ఈ క్యాన్సరుకు కారణమయ్యే హెచ్‌పీవీ అనే వైరస్ ఉందేమో చూసే పరీక్షో, గర్భసంచి మూతిని పెద్దగా చూపించే కాల్పోస్కోపీయో చేసి, అప్పుడు నిర్ణయిస్తారు.